మాక్ ఇంటర్వ్యూ రికార్డింగ్ నుంచి అరపేజీ ఫీడ్‌బ్యాక్: ఒక ఈఈఈ అబ్బాయి ఉదాహరణతో

ప్రశ్న: అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ను. ప్లేస్‌మెంట్ పని కూడా నాకే అప్పగించారు. ఫైనలియర్ పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేసి ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. కానీ తర్వాత ఫీడ్‌బ్యాక్ రాయడానికి కూర్చుంటే "కాన్ఫిడెన్స్ పెంచుకో, కమ్యూనికేషన్ మెరుగుపరుచుకో" అనే రెండు మాటలే అందరికీ వస్తున్నాయి. బలాలు ఇవీ, సరిచేసుకోవాల్సిన జవాబులు ఇవీ అని పిల్లలకు పనికొచ్చేలా ఎలా రాయాలి?

జవాబు:

"కాన్ఫిడెన్స్ పెంచుకో" అని మీరు రాసిన వీడియో ఏదైనా ఒకటి తీయండి. ఆ మాట మీకు ఏ నిమిషంలో తట్టిందో అక్కడికి వెళ్లి మళ్లీ చూడండి. పిల్లవాడు ఒక వాక్యం మొదలుపెట్టి సగంలో వదిలేసి ఉంటాడు. లేదంటే గొంతు తగ్గించి ఉంటాడు. లేదంటే మీరు ఒకటి అడిగితే పక్కదానికి జవాబు చెప్పి ఉంటాడు. కాగితం మీద రాయాల్సింది ఆ జరిగిన సంగతి. "కాన్ఫిడెన్స్" అనేది దానికి మీరు పెట్టుకున్న పేరు. పేరు మాత్రమే చేతికిస్తే ఆ పిల్లవాడు రేపు పొద్దున లేచి ఏం చేయాలి?

నేను చాలా ఏళ్లు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేశాను. చివరి కొన్నేళ్లు కొత్తవాళ్లను తీసుకునే ప్యానెల్‌లో కూడా కూర్చున్నాను. ఇప్పుడు ఊరికి వచ్చేసి ఇక్కడి కాలేజీల్లో మాక్‌లు చేస్తున్నాను. మొదట్లో నేనూ తప్పులు చేశాను. ఒక అమ్మాయి రికార్డింగ్ చూసి పదిహేడు పాయింట్లు రాసిచ్చాను. కూర్చున్న తీరు, చేతులు, ఉచ్చారణ, గ్రామర్, టెక్నికల్, అన్నీ. ఎంత శ్రద్ధగా చూశానో అని నాకు నేనే మురిసిపోయాను. రెండో మాక్‌కు ఆ అమ్మాయి రాలేదు. కారిడార్‌లో కనిపిస్తే ఎందుకు రాలేదని అడిగాను. "ఏది ముందు సరిచేసుకోవాల్నో తెలియలేదు సార్" అంది. అప్పటి నుంచి నా కాగితంలో రెండు బలాలు, మూడు జవాబులు, అంతకు మించి ఉండవు. ఒక్కోదానికి టైమ్, పిల్లవాడు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, విన్నవాడికి ఏం అర్థమైందో, ఈ మూడూ ఉంటాయి. మూడింట్లో ఒకటి రాయలేకపోతే ఆ పాయింటే తీసేస్తాను.

రికార్డింగ్ గురించి రెండు ముక్కలు. మన ఊళ్లో ఫ్యాన్ ఆపి ఇంటర్వ్యూ చేయడం కుదిరే పని కాదు. దూరంగా పెట్టిన ఫోన్‌లో మాట కన్నా ఫ్యాన్ మోతే ఎక్కువగా పడుతుంది. అందుకని బల్ల మీద, పిల్లవాడికి మూరెడు దూరంలో, రెండో ఫోన్ పెట్టి ఆడియో విడిగా తీయండి. రికార్డు చేసే ముందు అడగండి, ఎవరు చూస్తారో చెప్పండి, రెండో మాక్ అయ్యాక తీసేస్తానని చెప్పి తీసేయండి. క్లాస్ వాట్సాప్ గ్రూపులో "మంచి ఉదాహరణ" అని కూడా పెట్టొద్దు. కొందరు అమ్మాయిలు వీడియో అంటే వెనకాడతారు. వాళ్లకు ఆడియో చాలు, నిజానికి నా పనికి ఎవరికైనా ఆడియోనే చాలు.

ఎందుకో చెప్తాను. మొదటిసారి పెన్ను లేకుండా వీడియో మొత్తం చూస్తాను. రెండోసారి ఫోన్ బోర్లించి పెట్టి వింటూ రాసుకుంటాను. బొమ్మ కనపడుతుంటే మన కన్ను కాలు ఊపడం మీదికి, చొక్కా మీదికి పోతుంది. రాయడానికి అవే సులువు కాబట్టి అవే రాస్తాం. బొమ్మ లేకపోతే జవాబు తప్ప పట్టుకోవడానికి ఇంకేమీ దొరకదు. ఇక "కళ్లలోకి చూడలేదు" అనే మాట పక్క నుంచి తీసిన వీడియో చూసి అసలు రాయకూడదు. ఆ కోణంలో ఎవరైనా ఎటో చూస్తున్నట్టే ఉంటారు.

వినేటప్పుడు ముందు మీ గొంతు వినండి. ఇది ఎవరూ చేయరు. నా రికార్డింగుల్లో నేనే ఒకే ఊపిరిలో రెండు ప్రశ్నలు అడిగేవాణ్ని. పిల్లవాడు రెండోదానికి జవాబు చెబితే మొదటిది వదిలేశాడని రాసేవాణ్ని. ఆలోచిస్తుంటే మూడు సెకన్లకే హింట్ ఇచ్చి, తర్వాత "స్వతంత్రంగా ఆలోచించడం లేదు" అని రాసిన రోజులూ ఉన్నాయి. ప్రశ్న సరిగ్గా అడగని చోట వచ్చిన జవాబును పిల్లవాడి లెక్కలో వేయొద్దు. కొట్టేసి ముందుకు వెళ్లండి.

ఇప్పుడు ఒక అబ్బాయి సంగతి పూర్తిగా చెప్తాను. కల్యాణదుర్గం వైపు పల్లె. ఈఈఈ ఫైనలియర్. ఇంట్లో వేరుశనగ వేస్తారు, ఒక బోరు ఉంది. రికార్డింగ్ 22 నిమిషాలు. ప్రాజెక్టు పేరు ఆటోమేటిక్ ఇరిగేషన్ సిస్టమ్ యూజింగ్ ఆర్డుయినో. నేలలో తేమ చూసే సెన్సార్ గుచ్చుతారు, నేల ఎండితే రిలే మోటార్‌ను ఆన్ చేస్తుంది, తడిస్తే ఆపుతుంది. ఇలాంటి ప్రాజెక్టు ఏటా ప్రతి కాలేజీలో పదిమంది చేస్తారు. అందుకే మొదటిసారి చూసినప్పుడు నాకు కూడా "మామూలు జవాబు" అనిపించింది.

ప్రాజెక్టు గురించి చెప్పమని 06:10కి అడిగాను. మొదట టైటిల్ చెప్పాడు. తర్వాత నీటి అవసరం మీద నాలుగు వాక్యాలు, తర్వాత సామాను జాబితా: ఆర్డుయినో ఊనో, సాయిల్ మాయిశ్చర్ సెన్సార్, రిలే మాడ్యూల్, చిన్న పంపు, జంపర్ వైర్లు. ప్రతి వాక్యం "వుయ్" అనే మొదలైంది. నిమిషం నలభై సెకన్లు గడిచినా ఈ పిల్లవాడు చేతులారా చేసింది ఏమిటో నాకు తెలియలేదు. సరిగ్గా 07:52కి, గొంతు తగ్గించి, దాటేసే మాటలాగా ఇలా అన్నాడు: "మోటార్ ఊరికే ఆన్ ఆఫ్ ఆన్ ఆఫ్ అవుతాండె సార్, తర్వాత రెండు వాల్యూలు పెట్టి సరిచేసినాం." ఆ మాట తెలుగులోనే వచ్చేసింది. వెంటనే ఇంగ్లీషులోకి మారి ప్రాజెక్టు ఉపయోగాలు చెప్పుకుంటూ పోయాడు. అడుగుతున్నవాణ్ని నేనే అయినా ఆ రోజు దాన్ని పట్టుకోలేదు. రెండోసారి వింటున్నప్పుడు వెనక్కి జరిపి మూడుసార్లు విన్నాను.

ఆ ఒక్క వాక్యంలో ఏముందో చూడండి. ఆర్డుయినో ఊనో సెన్సార్ నుంచి వచ్చే వోల్టేజీని 0 నుంచి 1023 వరకు ఉండే అంకెగా చదువుతుంది. వీళ్లు వాడిన రకంలో నేల ఎండే కొద్దీ అంకె పెరుగుతుంది. వీళ్లు మొదట 600 దాటితే మోటార్ ఆన్, తగ్గితే ఆఫ్ అని రాశారు. నేల సరిగ్గా ఆ హద్దు దగ్గర ఉన్నప్పుడు రీడింగ్ 595, 604, 598 అంటూ ఊగుతుంది. దానితో పాటే రిలే టకటకా కొట్టుకుంటుంది. అలాగే వదిలేస్తే రిలే కాంటాక్టులు కాలిపోతాయి, నిజమైన మోటార్ అయితే పదే పదే స్టార్టయి వేడెక్కుతుంది. ఈ అబ్బాయి చేసింది ఏమిటంటే, 700 దాటితేనే ఆన్, ఒకసారి ఆన్ అయ్యాక 500 కంటే తగ్గితేనే ఆఫ్. మధ్యలో ఎంత ఊగినా మోటార్ ఉన్న స్థితిలోనే ఉంటుంది. దీన్ని హిస్టెరిసిస్ అంటారు. ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్ ఈ పద్ధతిలోనే పని చేస్తుంది. ఆ పేరు అతనికి తెలియదు. పని మాత్రం తెలుసు. మెయింటెనెన్స్‌లో మేము వెతికేది ఇలాంటి పిల్లవాణ్నే: ఒక పరికరం తిక్కగా ప్రవర్తిస్తే ఎందుకో కనిపెట్టి ఆపినవాణ్ని.

నా అనుభవంలో పిల్లల బలం ఎక్కువగా ఇలాంటి చోటే దాక్కుని ఉంటుంది. గొంతు తగ్గిన చోట, తెలుగు దొర్లిన చోట, "ఏదో సరిచేసినాం" అని దాటేసిన చోట. వాళ్ల దృష్టిలో అది ప్రాజెక్టులో వచ్చిన తప్పు, దాచుకోవాల్సిన సంగతి. పాఠంలాగా నేర్చుకున్న భాగాన్ని మాత్రం గట్టిగా చెప్తారు. కాబట్టి బలాల కోసం వెతికేటప్పుడు గట్టిగా, ధారగా చెప్పిన చోట్లను నమ్మకండి.

ఇదే ప్రాజెక్టు మీద 10:15కి, పొలంలో ఎద్దు తొక్కి సెన్సార్ వైరు తెగితే ఏమవుతుందని అడిగాను. ఆరు సెకన్లు మౌనం. అప్పుడు, ఇంగ్లీషులోనే, తడబడుతూ: ఇది మేము ఆలోచించలేదు, కానీ వైరు తెగితే నేల బాగా ఎండినట్టే రీడింగ్ వస్తుంది, మోటార్ ఆగకుండా నడుస్తుంది, అది ప్రమాదం. గ్రామర్ చూస్తే ఆ జవాబులో నాలుగు తప్పులున్నాయి. విషయం చూస్తే ఆ రోజు విన్న ఆరుగురిలో అదే మంచి జవాబు. వాళ్లు వాడిన మాడ్యూల్‌లో వైరు తెగితే అంకె నిజంగానే 1023 దగ్గరికి పోతుంది.

12:30 దగ్గర స్టార్ డెల్టా స్టార్టర్ ఎందుకు వాడతామని అడిగాను. "స్టార్టింగ్‌లో వోల్టేజ్ తగ్గించడానికి" అని ఆగిపోయాడు. ఎందుకు తగ్గించాలి అంటే మళ్లీ అదే మాట. తర్వాత పద్నాలుగు సెకన్లు మౌనం, చివరికి "మోటార్ స్పీడ్ కంట్రోల్ కోసం" అన్నాడు. అది తప్పు.

నేను మరుసటి రోజు చేసిన పని ఒకటి ఉంది, మీరూ చేయండి. తడబడిన ప్రశ్నల్నే టీ దగ్గర తెలుగులో అడిగాను. ప్రాజెక్టు సంగతి నిమిషంపావులో చక్కగా చెప్పాడు. స్నేహితుడు మోడల్ తయారుచేసి సోల్డరింగ్ చేశాడు, కోడ్ రాసిందీ ఎండిన కుండీ తడి కుండీ పెట్టి అంకెలు తీసిందీ తనే అని కూడా విడదీసి చెప్పాడు. స్టార్ డెల్టా మాత్రం తెలుగులోనూ అదే చోట ఆగింది. అంటే మొదటిది మాటల వరుస సమస్య, రెండోది సబ్జెక్టు సమస్య. వీడియోలో రెండూ ఒకేలా కనపడతాయి, రెండింటికీ మనం "కమ్యూనికేషన్" అని రాసేస్తాం. మందు వేరే. సబ్జెక్టులో తడబడినవాణ్ని ఇంగ్లీష్ క్లాసుకు పంపిస్తే ఏం లాభం?

"అ... అ..." లాంటి ఊతపదాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈ అబ్బాయి "బేసికల్లీ" అనే మాట 31 సార్లు వాడాడు. లెక్కపెట్టాను కానీ కాగితంలో రాయలేదు. రాస్తే తర్వాతి మాక్‌లో జవాబు మానేసి ఆ మాట కోసమే కాపలా కాస్తాడు. అయితే అవి ఎక్కడెక్కడ గుంపుగా వచ్చాయో నా కోసం చూసుకుంటాను. జవాబు మొదట్లో వస్తే ఆలోచించుకోవడానికి తీసుకున్న సమయం, దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. జవాబు నడుమ ఒక్కసారిగా నాలుగైదు వస్తే, అక్కడ తర్వాతి మెట్టు అతనికి తెలియదన్నమాట. ఆ చోటే తెలుగులో అడిగి చూడాలి. యాసను కూడా నేను ముట్టుకోను. ప్యానెల్‌లో ఉన్నవాడు మాటను వేరేగా విని పొరబడ్డాడంటేనే దాని గురించి రాస్తాను.

అతనికి ఇచ్చిన కాగితం ఇది. చేత్తో రాసింది, అరపేజీ దాటలేదు.

> బలాలు
>
> 10:15. వైరు తెగితే ఏమవుతుందని అడిగాను. ఆరు సెకన్లు ఆలోచించి, "ఇది మేము ఆలోచించలేదు" అని ఒప్పుకుని, ఎండిన రీడింగ్ వస్తుంది కాబట్టి మోటార్ ఆగదని చెప్పావు. తెలియని ప్రశ్నకు నీకు తెలిసినదాని నుంచి దారి తీశావు. ఆ ఆరు సెకన్లు నాకు ఎక్కువ అనిపించలేదు. అలాగే తీసుకో.
>
> 07:52. "మోటార్ ఊరికే ఆన్ ఆఫ్ అవుతాండె, రెండు వాల్యూలు పెట్టి సరిచేసినాం." ప్రాజెక్టు మొత్తంలో నువ్వు సొంతంగా కనిపెట్టింది ఇది. దీని పేరు హిస్టెరిసిస్.
>
> సరిచేసుకోవాల్సిన జవాబులు
>
> 06:10, ప్రాజెక్టు. నువ్వు చేసిన పని నాకు 07:52 దాకా వినపడలేదు, అదీ ఒక్క వాక్యం. అప్పటిదాకా "వుయ్" అన్నావు, సామాను పేర్లు చెప్పావు. ఈసారి నాలుగు ప్రశ్నలకు వరుసగా జవాబు చెప్పు: ఏం చేయాలనుకున్నారు, అందులో నీ వంతు ఏమిటి, ఎక్కడ చెడింది, ఎలా సరిచేశావు. సామాను పేర్లు అడిగితేనే చెప్పు.
>
> 12:30, స్టార్ డెల్టా. వోల్టేజ్ తగ్గుతుందన్నది కరెక్ట్. ఎందుకు తగ్గించాలో చెప్పలేదు. తర్వాత "స్పీడ్ కంట్రోల్" అన్నావు, అది తప్పు. వోల్టేజ్ తగ్గితే స్టార్టింగ్ కరెంట్, టార్క్ ఒక్కోటి ఎంత తగ్గుతాయో చదివి, ల్యాబ్‌లో స్టార్టర్ మూత తీయించి చూసి వారంలో నాకు చెప్పు.
>
> 00:40, నీ గురించి. నిమిషం నలభై ఐదు సెకన్లు ఆగకుండా చెప్పావు. మధ్యలో నేను "ఏ ఊరు?" అంటే ఊరు చెప్పి మళ్లీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకున్నావు. బట్టీ పట్టినట్టు అక్కడ తెలిసింది. ఐదు వాక్యాలు చాలు, వాటిలో ఒకటి ఇంటి బోరు గురించి ఉండనీ.

స్టార్ డెల్టాకు జవాబు నేనే ఎందుకు రాసివ్వలేదని మీకు అనిపించవచ్చు. జవాబు ఇది: స్టార్‌లో ఒక్కో వైండింగ్‌కు 415 వోల్టులకు బదులు దాదాపు 240 వోల్టులు అందుతాయి, లైన్ నుంచి లాగే స్టార్టింగ్ కరెంట్ డెల్టాతో పోలిస్తే మూడో వంతు అవుతుంది, దాంతో పాటు స్టార్టింగ్ టార్క్ కూడా మూడో వంతుకు పడిపోతుంది. రాసిస్తే అప్పజెప్పేవాడు. మొదటి నుంచే బరువు మీద తిరగాల్సిన మోటార్‌కు దీన్ని వాడొచ్చా అని ప్యానెల్‌లో ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే మళ్లీ అదే మౌనం. ప్రాజెక్టు జవాబు సంగతీ అంతే. నేను వాక్యాలు రాసిస్తే అవి నా వాక్యాలు, అతని నోట్లో నిలబడవు. అందుకే నాలుగు ప్రశ్నల వరుస మాత్రం ఇచ్చాను.

ఒకే అంశం బలాల్లోనూ, సరిచేసుకోవాల్సిన వాటిలోనూ వచ్చిందని గమనించే ఉంటారు. 07:52 వాక్యం బలం. అది అంత ఆలస్యంగా, అంత చిన్నగా రావడం లోపం. రెండు జాబితాలకూ సంబంధం లేనట్టు రాస్తే బలాల భాగం ఓదార్పుగా మిగిలిపోతుంది, పిల్లలు దాన్ని చదవకుండానే కిందికి దిగిపోతారు. బలం నుంచే సరిచేసుకునే దారి చూపిస్తే రెండూ చదువుతారు.

రాయకుండా వదిలేసినవి కూడా ఉన్నాయి. కాలు ఊపాడు. "సెన్సార్"ను ఒకలా పలికాడు. జీతం ప్రశ్నకు నవ్వి ఊరుకున్నాడు. ఒకే రికార్డింగ్‌లో ఒకసారి కనపడినదాన్ని అలవాటు అనుకోకూడదు. రెండో మాక్‌లోనూ కనపడితే అప్పుడు చూస్తాను. "బిడియస్తుడు", "చొరవ లేదు" లాంటి మాటలు అసలే వద్దు. 22 నిమిషాల రికార్డింగ్‌లో ఒక మనిషి స్వభావం తెలియదు, కొన్ని జవాబులు తెలుస్తాయి, అంతే.

కాగితం చేతికిచ్చే తీరు కూడా పనిలో భాగమే. ముందుగా వీడియో చూపించకుండా, తన ఇంటర్వ్యూలో ఏది బాగుంది, ఏది మార్చాలి అని అతన్నే రాయమన్నాను. "ఇంగ్లీష్ రాలేదు, టెన్షన్ పడినాను" అని రాశాడు. బాగున్నది అన్న చోట గీత గీసి వదిలేశాడు. అప్పుడు రెండు ముక్కలు వినిపించాను, 07:40 నుంచి 08:05 వరకు, 10:15 నుంచి 10:50 వరకు. మొత్తం వీడియో చూపించలేదు. తన గొంతు తానే 22 నిమిషాలు వింటే ఎవరికైనా సిగ్గేస్తుంది, తర్వాత చెప్పేది చెవికెక్కదు. 07:52 విన్నాక, "ఇది చెప్పొచ్చునా సార్? ప్రాజెక్టు సరిగా పని చేయలేదనుకుంటారేమో అని తగ్గించినా" అన్నాడు. నేను వెతుకుతున్న కారణం అతని నోటి నుంచే వచ్చింది. ఇంగ్లీష్‌తో దానికి సంబంధమే లేదు.

అదే రోజు సాయంత్రం పది నిమిషాలు మళ్లీ కూర్చున్నాం, రికార్డు పెట్టుకుని. ప్రశ్న మార్చి అడిగాను: "నీ ప్రాజెక్టులో నీకు బాగా ఇబ్బంది పెట్టింది ఏది?" అదే మాటల్లో అడిగితే పొద్దున అనుకున్న వాక్యాలే చెప్తాడు, మారిందో లేదో తెలియదు. ఈసారి ముప్పై సెకన్లలోనే రిలే సంగతికి వచ్చాడు. అయితే ఆ సంబరంలో అసలు ప్రాజెక్టు దేనికోసమో చెప్పడం మర్చిపోయాడు, 700, 500 అంకెలు గాల్లో నిలబడ్డాయి. అది రాసిచ్చాను, ఒక్క వాక్యం. స్టార్ డెల్టా ఆ రోజు అడగలేదు, చదవడానికి వారం ఇచ్చాం కదా. వారం తర్వాత వచ్చి కరెంట్, టార్క్ రెండూ మూడో వంతు అని కరెక్ట్‌గా చెప్పాడు. ఊళ్లో పక్క పొలం వాళ్ల పెద్ద మోటార్ స్టార్టర్ చూసి, అందులో టైమర్ ఎన్ని సెకన్లకు పెట్టారో కూడా కనుక్కుని వచ్చాడు. తన గురించి చెప్పే జవాబు మాత్రం ఇంకా బట్టీగానే ఉంది. అన్నీ ఒకేసారి మారవు.

మార్కుల సంగతి అడగలేదు కానీ మీ కాలేజీ అడుగుతుంది. పదికి ఆరు, పదికి ఏడు అని ఫైలు కోసం వేయాల్సి వస్తే వేయండి, పిల్లవాడికిచ్చే కాగితంలో మాత్రం వద్దు. అంకె కనపడితే దాని కింద రాసింది ఎవరూ చదవరు, పక్కవాడికి ఎంత వచ్చిందో అడుగుతారు.

ఇక మీకు అసలు చిక్కు, మందను ఎలా సంభాళించడం. ఒక 22 నిమిషాల రికార్డింగ్ ఇలా చేస్తే నాకు గంట పైనే పడుతుంది. అరవై మంది ఉంటే కుదరదు. అప్పుడు మాక్‌ను 12 నిమిషాలకు, నాలుగు ప్రశ్నలకు కుదిస్తాను. అడుగుతున్నప్పుడు ఏదైనా చెవికి తగిలితే వ్యాఖ్య ఏమీ రాయకుండా గడియారం టైమ్ మాత్రం కాగితం అంచున గీస్తాను. తర్వాత ఆ చోట్లకే వెళ్లి ముందు వెనక ఒక నిమిషం వింటాను. గొంతు తగ్గిన చోట్లు కొన్ని ఇందులో తప్పిపోతాయి, తెలిసే ఒప్పుకుంటున్నాను. దానికి కొంత మందుగా, ఒప్పుకున్న పిల్లల్ని జతలుగా చేసి ఒకరి ఆడియో ఒకరిని వినమంటాను. వాళ్ల పని తీర్పు చెప్పడం కాదు. ఎక్కడ "ఇంకొంచెం చెప్పి ఉంటే బాగుండు" అనిపించిందో ఆ టైమ్, ఆ మాటలు రాసి తేవడం, అంతే. ఆశ్చర్యంగా వాళ్లు నాకంటే బాగా పట్టుకుంటారు, ఎందుకంటే ప్రాజెక్టులో నిజంగా ఏం జరిగిందో హాస్టల్‌లో పక్క మంచం మీద ఉండేవాడికి తెలుసు. తెచ్చిన కాగితంలో "బాగా చెప్పింది, కొంచెం కాన్ఫిడెన్స్ కావాలి" అని ఉంటే వెనక్కి ఇచ్చేస్తాను, టైమ్ రాసుకుని రమ్మని.